ఒక్క గడి మార్పు: 8-బి టైంటేబుల్ బొమ్మ పని డైరీ

సోమవారం సాయంత్రం

మా హైస్కూల్లో 8-బి సెక్షన్‌కి బుధవారం ఐదో పీరియడ్ మారింది. ఇంతవరకు అక్కడ సాంఘిక శాస్త్రం ఉండేది, ఇకమీదట గ్రంథాలయం. హెచ్ఎం గారు చీటీ మీద రాసిచ్చి, "సార్, బొమ్మలో ఆ ఒక్క గడీ మార్చి గ్రూపులో పెట్టండి, నోటీసు బోర్డుకి ఒక ప్రింటు తీయండి" అన్నారు. వినడానికి రెండు నిమిషాల పనిలా ఉంది. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది, అందుకే రాసి పెట్టుకుంటున్నాను. పది సెక్షన్లు ఉన్నాయి, ఈ పని మళ్లీ వస్తుంది.

ముందు అసలు వర్డ్ ఫైలు కోసం వెతికాను. అది ఉంటే ఈ డైరీతోనే పని లేదు. టైంటేబుల్ తయారుచేసిన మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయారు, ఫోన్ చేశాను.

"మాస్టారూ, ఎనిమిదో తరగతి టైంటేబుల్ వర్డ్ ఫైలు ఏమైనా ఉందా?"

"అయ్యో, ఆ లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోయింది సార్. బొమ్మ మాత్రం నా ఫోన్లో ఉంటుంది, నేను మొదట పంపింది. కావాలా?"

కావాలనే అన్నాను, అది మంచిదైంది. మా గ్రూపులో తిరుగుతున్నది ఎవరో ఫోన్లో తెరిచి స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ పెట్టిన కాపీ. దాని వెడల్పు 1080 పిక్సెళ్లు, పైన బ్యాటరీ గుర్తు కూడా పడింది. మాస్టారు పంపినది 1600 × 1131. ఎంత ముందు కాపీ దొరికితే పని అంత తేలిక. ఎందుకంటే స్క్రీన్‌షాట్ తీసినప్పుడల్లా, మళ్లీ పంపినప్పుడల్లా గీతలూ అక్షరాలూ ఇంకొంచెం అలుక్కుపోతాయి, ఆ అలుకుడును కొత్త అక్షరానికి కూడా తేవడం మన మెడకు చుట్టుకుంటుంది.

మొత్తం పట్టిక కొత్తగా టైప్ చేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. ఒక్క సెక్షన్ అయితే 48 గడులే. కానీ నోటీసు బోర్డు మీద మిగతా తొమ్మిది సెక్షన్ల పక్కన ఇది వేరే రూపుతో కనబడుతుంది. అంతకంటే పెద్ద భయం, 48 గడులు తిరిగి కొట్టేటప్పుడు మారకూడని గడి ఒకటి మారిపోవడం. బొమ్మలోనే మారిస్తే మిగతా 47 గడులకు చేయి తగలదు.

సోమవారం రాత్రి

తొందరపడి ఫోన్లోనే ఒకసారి ప్రయత్నించాను. ఎడిటింగ్ యాప్‌లో పాత మాట మీద తెల్ల పెట్టె పెట్టి, దాని మీద గ్రంథాలయం అని రాశాను. రెండు తప్పులు వెంటనే కనిపించాయి. బుధవారం వరస తెల్లది కాదు, లేత నీలం రంగు వేసిన వరస. ఒక వరస తెలుపు, ఒక వరస నీలం, అలా ఉంది పట్టిక. రెండోది, ఫోన్ యాప్‌లోని తెలుగు అక్షరం గుండ్రంగా, మందంగా ఉంది. పక్క గడుల్లోని అక్షరం దానికంటే సన్నం. చూసిన వెంటనే అతికించినట్టు తెలిసిపోతోంది. చెరిపేసి పడుకున్నాను.

మంగళవారం

ఈసారి స్కూల్ లాబ్‌లో ఉన్న విండోస్ 10 కంప్యూటర్ మీద జింప్ 2.10 అనే బొమ్మలు సవరించే ప్రోగ్రాంతో కూర్చున్నాను. మొదలుపెట్టే ముందు కొలతలు తీశాను, ఇవి తర్వాత చాలా పనికొచ్చాయి.

బొమ్మ 1600 × 1131. ఈ రెంటి నిష్పత్తి 1.414, అంటే ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టిన నిష్పత్తి. మార్జిన్లతో సహా పూర్తి పేజీ బొమ్మగా మారింది, ఎక్కడా కత్తిరించలేదని దీంతో తెలిసింది. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే 11.69 అంగుళాలు. 1600ని 11.69తో భాగిస్తే అంగుళానికి దాదాపు 136.9 పిక్సెళ్లు. అంగుళంలో 72 పాయింట్లు కదా, కాబట్టి వర్డ్‌లో 11 పాయింట్ల అక్షరం ఈ బొమ్మలో 11 × 136.9 ÷ 72, అంటే 20.9 పిక్సెళ్లు అవుతుంది. 12 పాయింట్లయితే 22.8. అక్షరం సైజు కళ్లతో ఊహించక్కర్లేదు, ఈ రెండు అంకెల్లో ఏదో ఒకటి అయ్యుండాలి. ఎవరూ 11.37 పాయింట్లు పెట్టి టైప్ చేయరు కదా.

గీతకీ ఇదే లెక్క. వర్డ్ మామూలుగా వేసే పట్టిక గీత అర పాయింటు మందం, అంటే ఇక్కడ 0.95 పిక్సెల్. ఒక పిక్సెల్‌కి కొంచెం తక్కువ. 800 శాతానికి జూమ్ చేసి చూస్తే నల్లని ఒంటి గీత లేదు. ఒకదాని కింద ఒకటిగా రెండు బూడిద వరసలున్నాయి, పైది ముదురు, కిందది లేత. కలర్ పికర్‌తో చూస్తే, 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు అనే లెక్కలో, పై వరస 85 దగ్గర, కింది వరస 185 దగ్గర వచ్చింది. పెద్ద బొమ్మను కుదించినప్పుడు గీత సరిగ్గా ఒక పిక్సెల్ వరస మీద పడక, రెండు వరసలకు పంచుకుని కూర్చుంది. ఒక్కో గీత ఒక్కోలా పంచుకుంటుంది. బుధవారం వరస పై గీత ఇలా ఉంటే, కింది గీతలో ముదురు భాగం కింద ఉంది.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకున్నాను: గీతల జోలికి పోకూడదు. గడి మొత్తం చెరిపి, చుట్టూ ఒక పిక్సెల్ నల్ల పెట్టె గీసేస్తే ఆ ఒక్క గడికే కాటుక పెట్టినట్టు ఉంటుంది. గీతలకు లోపల రెండు పిక్సెళ్లు వదిలి, లోపలి భాగం మాత్రమే ఎంచుకుని చెరిపాను. ఒకవేళ పాత అక్షరం ఒత్తు గీతను తాకి ఉంటే, అదే గీతను కుడివైపో ఎడమవైపో పది పిక్సెళ్ల అవతల నుంచి చిన్న ముక్క కాపీ చేసి, నిలువుగా ఒక్క పిక్సెల్ కూడా కదలకుండా పక్కకు జరిపి అతికించాలి. అడ్డ గీత తన పొడవంతా ఒకేలా ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. అయితే కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసిన బొమ్మ అయితే ఇలా కుదరదు. 0.3 డిగ్రీల వాలు ఉన్నా ప్రతి 190 పిక్సెళ్లకు గీత ఒక పిక్సెల్ దిగుతుంది. నాది వాలిందో లేదో తేల్చడానికి గీత ఎడమ చివర, కుడి చివర వరస సంఖ్య చూశాను. రెండు చోట్లా ఒకటే, వాలు లేదు.

తర్వాత నేపథ్యం రంగు. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. పాత మాట పక్కన కలర్ పికర్ నొక్కి, వచ్చిన రంగుతో గడి నింపాను. మానిటర్ మీద బాగానే ఉంది. ఫోన్లో తెరిచి చూస్తే గడి లోపల ఇంకో మాసిన చతురస్రం కనబడుతోంది. ఎందుకో జూమ్ చేస్తే తెలిసింది. అక్షరం చుట్టూ ఉన్న నీలం నిజమైన నీలం కాదు. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. గళ్లో అక్షరపు అంచు ఉంటే దాని చుట్టూ సన్నని మచ్చలు పుడతాయి. నేను ఆ మచ్చ మీద నొక్కాను, 217, 231, 240 వచ్చింది. అక్షరానికి దూరంగా, గడి మూలలో నొక్కితే 221, 234, 246. కంటికి అందని తేడానే, కానీ ఆ తేడా పెద్ద చదరంగా పరుచుకుంటే కన్ను పట్టేస్తుంది.

దీన్ని సరిచేద్దామని పక్క గడి నుంచి మచ్చలతో సహా నేపథ్యాన్ని క్లోన్ చేశాను. అది ఇంకా చెడ్డ ఆలోచన. అక్కడ లేని అక్షరం తాలూకు దెయ్యం నీడ మిగిలింది. కాసేపు ఆలోచిస్తే విషయం స్పష్టమైంది: అక్షరం లేని గళ్లలో మచ్చలే లేవు. అక్కడ ప్రతి పిక్సెల్ ఒకటే రంగు. మచ్చలు అక్షరంతో పాటు పుట్టేవి. కాబట్టి చెరిపిన చోట శుభ్రమైన ఒకే రంగు నింపడమే సరైనది. కొత్త అక్షరం పెట్టి మళ్లీ జేపెగ్‌గా దాచినప్పుడు దాని మచ్చలు అదే తెచ్చుకుంటుంది. మనం పూయనక్కర్లేదు. పికర్‌లో `Sample average` పెట్టి, అక్షరాలు లేని మూలలో నొక్కి, 221, 234, 246తో నింపాను. ఫోన్లో చూశాను. చతురస్రం లేదు.

బుధవారం

ఈ రోజంతా అక్షరంతోనే.

కొత్త మాట పట్టికలో ఇంకెక్కడైనా ఉంటే ఫాంట్ గొడవే లేదు. ఉదాహరణకు ఆ గడిలో గణితం రావాల్సి ఉంటే, అదే నీలం వరసల్లో ఉన్న ఇంకో గణితాన్ని కాపీ చేసి పెడితే ఫాంటు, సైజు, మచ్చలు అన్నీ వాటంతట అవే కుదురుతాయి. ఎవరైనా ముందు చూడాల్సింది అదే. నాకు ఆ అదృష్టం లేదు, గ్రంథాలయం అన్న మాట పట్టికలో ఎక్కడా లేదు. అక్షరాలు ఏరి కూర్చుదామా అంటే థ గానీ, గ కింద క్రావడి గానీ ఎక్కడా దొరకలేదు.

ఇక ఫాంట్ కనిపెట్టాలి. వర్డ్‌లో తెలుగు టైప్ చేస్తే థీమ్ ప్రకారం గౌతమి రావాలి. కానీ విండోస్ 10లో గౌతమి మొదటి నుంచీ ఉండదు, తెలుగు అదనపు ఫాంట్ల కింద విడిగా వేసుకోవాలి. వేసుకోకపోతే నిర్మలా యూఐ వచ్చి కూర్చుంటుంది. మాస్టారి కంప్యూటర్‌లో ఏది ఉందో ఆయనకే గుర్తులేదు. కాబట్టి ఈ రెండింటినీ పరీక్షించాను.

పరీక్ష ఇది. తెల్ల వరసలో ఉన్న గణితం అన్న మాటను తీసుకున్నాను. అదే మాటను తెల్ల నేపథ్యం మీద నల్లగా టైప్ చేసి, పాత మాట మీద పెట్టి, లేయర్ మోడ్ `Difference` చేశాను. ఈ మోడ్‌లో రెండూ ఒకటైన చోట నలుపు, తేడా ఉన్న చోట వెలుగు కనబడుతుంది. గౌతమితో వెడల్పు కుదిరేలా సైజు సర్దితే ఎత్తు కుదరలేదు, ఎత్తు కుదిరిస్తే వెడల్పు తప్పింది. రెండూ ఒకేసారి కుదరకపోతే అది వేరే ఫాంట్ అనే అర్థం, ఇంక దానితో పెనుగులాడక్కర్లేదు. నిర్మలా యూఐతో రెండూ ఒకేసారి కుదిరాయి. పాత మాట వెడల్పు 61 పిక్సెళ్లు. 84 పిక్సెళ్ల సైజులో నేను టైప్ చేసింది 245, నాలుగో వంతు చేస్తే 61 చిల్లర. 84లో నాలుగో వంతు 21. నిన్న లెక్కలో వచ్చిన 20.9 ఇదే. 11 పాయింట్ల నిర్మలా యూఐ అని ఖాయమైంది.

84 ఎందుకు టైప్ చేశానంటే, నేరుగా 21 పిక్సెళ్లలో టైప్ చేస్తే అక్షరం మరీ పదునుగా వచ్చింది. చిన్న సైజులో అక్షరపు గీతలు పిక్సెల్ గళ్లకు సర్దుకుని నిలుస్తాయి, ప్రోగ్రాం అలా సర్దుతుంది. పాత అక్షరాలు అలా పుట్టలేదు. అవి పెద్ద బొమ్మగా పుట్టి, పంపినప్పుడు 1600కి కుదించబడ్డాయి. వాటి అంచుల్లో మెత్తదనం ఆ కుదింపుది. మొదట నేను పదునైన అక్షరం రాసి, దాని మీద గాసియన్ బ్లర్ 0.5 వేసి మెత్తబరచాలని చూశాను. అక్షరం మెత్తబడలేదు, మసకబడింది. ఆ రెండింటికీ తేడా ఉంది. మసకబడితే అక్షరం మధ్యలోని నలుపు కూడా పోతుంది.

అప్పుడు అర్థమైంది నాకు ఈ పనిలో కీలకం. కొత్త మాటను పాత మాటలు నడిచిన దారిలోనే నడిపించాలి. పెద్దగా పుట్టించాలి, కుదించాలి, జేపెగ్‌లో దించాలి. ఫలితాన్ని అనుకరించబోతే ఎప్పుడూ ఏదో ఒకటి తేడా కొడుతుంది. అందుకే విడిగా ఒక పెద్ద బొమ్మలో 84 పిక్సెళ్లతో గ్రంథాలయం టైప్ చేసి, `Image > Scale Image`లో 25 శాతానికి, `Cubic` పెట్టి కుదించి, దాన్ని గడిలోకి తెచ్చాను. అంచులు పక్కనున్న మాటల్లాగే వచ్చాయి.

అయినా మాట కొంచెం సన్నగా కనిపించింది. నిర్మలా యూఐలో సెమీలైట్ అని ఇంకొక సన్న రూపం ఉంది, పొరపాటున అది ఎంచుకున్నానేమో అనుకున్నాను. కాదు. సరైనదే ఎంచుకున్నాను. కారణం జింప్‌లో ఉంది. పారదర్శక లేయర్ మీద నల్ల అక్షరం పెట్టినప్పుడు, జింప్ 2.10 అంచు పిక్సెళ్లను కాంతి లెక్కన కలుపుతుంది. సగం నలుపు, సగం తెలుపు కలిస్తే 128 దగ్గర బూడిద రావాల్సింది 188 దగ్గర వస్తుంది. అంచులు తేలిపోయి అక్షరం చిక్కినట్టు ఉంటుంది. లేయర్ మీద కుడి నొక్కు నొక్కి `Blend Space`ను `RGB (perceptual)`కి మార్చాను. అక్షరం ఒళ్లు పట్టింది. పక్క మాటతో సమానమైంది.

తెలుగు రాసేటప్పుడు వచ్చే ఒక చిక్కు కూడా ఇక్కడ రాస్తాను. నా ఇంటి లాప్‌టాప్‌లో పైతాన్‌తో ఈ పని తేలిగ్గా చేద్దామని ముందు అనుకున్నాను. పైతాన్‌లో బొమ్మల పని చేసే పిల్లో లైబ్రరీతో రాస్తే గ్రంథాలయం మొదటి అక్షరమే విరిగింది. గ, దాని పక్కన పొల్లు గుర్తు, దాని పక్కన ర, మూడూ విడివిడిగా వరసలో నిలబడ్డాయి. పిల్లో తెలుగు ఒత్తులు కలపాలంటే రాక్మ్ అనే తోడు లైబ్రరీ ఉండాలి. ఉందో లేదో ఇలా తెలుస్తుంది:

```python
from PIL import features
print(features.check("raqm"))
```

`False` వస్తే ఆ కంప్యూటర్‌లో తెలుగు మాట పిల్లోతో రాయకండి. జింప్‌లో ఈ ఇబ్బంది లేదు, ఒత్తులు వాటంతట అవే కలుస్తాయి.

బుధవారం రాత్రి

మాటను గడిలో ఎక్కడ నిలబెట్టాలి? అడ్డంగా సులువే, ఎడమ గీతకూ కుడి గీతకూ మధ్య. నిలువుగా మాత్రం తప్పు చేశాను. మాట ఎత్తు కొలిచి, గడి ఎత్తు కొలిచి, సరిగ్గా నడుమ పెట్టాను. అంకెల ప్రకారం నడుమే ఉంది, కంటికి మాత్రం మాట పైకి ఎగిరినట్టు ఉంది. పక్క గడిలోని గణితంతో పోలిస్తే మూడు పిక్సెళ్లు పైన.

కారణం గ కింది క్రావడి. అది అక్షరాల పాదాల కిందికి దిగుతుంది. దాన్ని కూడా కలిపి ఎత్తు కొలిస్తే మాట నడుమ భాగం కిందికి జరుగుతుంది, నడిమికి సర్దితే అక్షరాలు పైకి పోతాయి. వర్డ్ అలా చేయదు. వర్డ్ మాటను చూసి కాక, పంక్తిని చూసి నడుమ పెడుతుంది. ఒత్తు ఉన్నా లేకున్నా అక్షరాల పాదాలు ఒకే గీత మీద నిలుస్తాయి. కాబట్టి కొలవాల్సింది ఎత్తు కాదు, పాదాల గీత. అదే వరసలో ఒత్తులు లేని, ఒకే పంక్తి ఉన్న మాట చూసుకుని, గ, ణ, త అడుగున ఒక గైడ్ లాగాను. గ్రంథాలయంలో ల, య అడుగులను ఆ గైడ్ మీద కూర్చోబెట్టాను. బాణం కీతో మూడు నొక్కులు కిందికి. అంతే, మాట వరసలో కలిసిపోయింది. క్రావడి కిందికి వేలాడుతోంది, వేలాడనివ్వాలి.

ఇంకొక సంగతి. పాత గడిలో సాంఘిక శాస్త్రం రెండు పంక్తులుగా ఉండేది. దాని మొదటి పంక్తి స్థానంలోనో, రెండో పంక్తి స్థానంలోనో పెడితే తప్పు. ఒకే పంక్తి ఉన్న గడినే చూసి పెట్టాలి.

గురువారం

మధ్యాహ్నం విరామంలో తెలుగు మేడం నా స్క్రీన్ చూసి, "సార్, హెచ్ఎం గారి చీటీలో గ్రంధాలయం అని ఉంది, మీరు సరిగ్గా రాశారా?" అన్నారు. చూపించాను. "థానే రాశారు, మంచిది. కానీ చుక్క కనబడుతోందా?"

ఆ ప్రశ్న అడగకపోతే నేను చూసేవాణ్ణి కాదు. ధకీ థకీ తేడా కడుపులోని చుక్క ఒక్కటే. 84 పిక్సెళ్లలో అది స్పష్టమైన చుక్క. 21లో అది రెండు పిక్సెళ్ల బూడిద. జేపెగ్ ఇంకొంచెం అలికితే అది నీలంలో కరిగిపోతుంది, మాట గ్రంధాలయం అయిపోతుంది. జూమ్ చేసి చూశాం. జింప్‌లో చుక్క ఉంది. ఎక్స్‌పోర్ట్ చేశాక ఉంటుందో లేదో చూడాలి.

ఎక్స్‌పోర్ట్ దగ్గర నిన్న రాత్రి ఒక ప్రయోగం చేసి ఉంచాను. జింప్ తనంతట తాను పెట్టే 90 నాణ్యతతో దాచితే కొత్త మాట చుట్టూ నీలం శుభ్రంగా ఉంది, పాత మాటల చుట్టూ నీలం కాస్త బూడిదగా ఉంది. పాత ఫైలు రంగును నాలుగో వంతు వివరంతో దాచింది. రెండు పిక్సెళ్లు అడ్డంగా, రెండు నిలువుగా, నాలుగింటికి కలిపి ఒకే రంగు. నల్ల అక్షరం పక్కనున్న నీలంలో అక్షరపు రంగులేనితనం కలిసిపోయి, నీలం మాసిపోతుంది. జింప్ 2.10 తనంతట తాను రంగును పూర్తి వివరంతో దాస్తుంది, అందుకే కొత్త మాట దగ్గర మాసిపోలేదు. దగ్గర నుంచి చూస్తే ఆ ఒక్క గడి ఉతికినట్టు ఉంది.

పాత ఫైలు నాణ్యత ఎంతో ఇమేజ్‌మ్యాజిక్ అనే కమాండ్ ప్రోగ్రాంను ఇలా అడిగాను:

```
magick identify -format "%w %h %Q\n" 8b-old.jpg
```

1600 1131 80 అని వచ్చింది. అయితే ఈ అంకెను చేత్తో పెట్టడం కంటే మంచి దారి ఉంది. జింప్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో `Use quality settings from original image` అని ఉంటుంది. దాన్ని నొక్కితే పాత ఫైలు వాడిన పట్టికలే, రంగు కుదింపుతో సహా, మళ్లీ వాడుతుంది. దీంతో ఇంకో లాభం ఉంది. మిగతా 47 గడులు ఇప్పటికే ఆ కొలతలతో కుదించబడ్డాయి. అవే కొలతలతో మళ్లీ దాచితే వాటిలో దాదాపు మార్పు ఉండదు. దీనికి ఒక షరతు: బొమ్మను పైనా ఎడమా కత్తిరించకూడదు. మూడు పిక్సెళ్లు కత్తిరించినా 8 × 8 గళ్లు పాత గళ్ల మీద పడవు, అన్ని గడులూ కొత్తగా ఇంకోసారి చెడతాయి. అంచులు సర్దాలనే ఆశ నాకూ కలిగింది, ఆపుకున్నాను.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక చుక్క చూశాం. ఉంది. లేతగా, ఒకటిన్నర పిక్సెల్ లాగా ఉంది, కానీ ఉంది. మేడం 200 శాతం దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. "థా," అన్నారు.

గురువారం సాయంత్రం

చివరి తనిఖీలు రెండే చేశాను. మొదటిది జింప్‌లోని లెవెల్స్, నలుపు తెలుపుల హద్దులు జరిపే చోటు. ఇన్‌పుట్ నలుపును 200కి, తెలుపును 250కి లాగితే లేత నీలంలో దాగిన తేడాలన్నీ పైకి వస్తాయి. చెరిపిన చదరం అంచు ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. ఎడమ గీత పక్కన రెండు పిక్సెళ్ల వెడల్పున ఒక సన్నని పట్టీ దొరికింది. పాత మాట మొదటి అక్షరం మచ్చలు అక్కడిదాకా వచ్చి, నేను వదిలిన రెండు పిక్సెళ్లలో మిగిలిపోయాయి. దాన్ని ఒక్క పిక్సెల్ వెడల్పు బ్రష్‌తో అదే రంగుతో తుడిచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. ఎక్స్‌పోర్ట్ అయిన జేపెగ్‌ను తెరిచి దాని మీద పని చేయలేదు, జింప్ సొంత ఫైలు దాచుకుని అందులోనే చేశాను. లేకపోతే ప్రతి సవరణకూ ఒక కుదింపు.

రెండోది, నేను మార్చకూడనిది ఏదైనా మారిందా అన్న పరీక్ష:

```
magick compare -metric AE -fuzz 3% 8b-old.jpg 8b-new.jpg diff.png
```

వచ్చిన బొమ్మలో ఎర్ర చుక్కలు బుధవారం ఐదో పీరియడ్ గడిలోనే ఉన్నాయి, ఇంకొక్క చోట తప్ప. ఆ ఒక్క చోటు నేను కావాలని పెట్టిందే. పట్టిక కింద, కుడి మూలన, అదే ఫాంట్‌లో, అదే సైజులో, "సవరించినది: బుధవారం 5వ పీరియడ్" అని తేదీతో ఒక పంక్తి రాశాను. హెచ్ఎం గారిని అడిగే పెట్టాను. పాత బొమ్మ వందమంది తల్లిదండ్రుల ఫోన్లలో ఉంది. కొత్తది దానితో అచ్చు ఒకేలా ఉంటే ఏది ఇప్పటిదో ఎవరికీ తెలియదు. అతుకు కనబడకూడదని నాలుగు రోజులు కష్టపడ్డది చదివేవాళ్లకు ఇబ్బంది లేకుండా ఉండాలనే, మార్పు జరిగిందన్న సంగతి దాచాలని కాదు. ఆ పంక్తి లేకుండా నేను గ్రూపులో పెట్టను.

ఫైలు పేరు కూడా మార్చాను, తేదీ చేర్చాను. పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాను, ఫోటోగా పంపితే ఇంకోసారి కుదిస్తుంది, ఆ ఒకటిన్నర పిక్సెల్ చుక్క మీద నాకు అంత నమ్మకం లేదు. నోటీసు బోర్డు ప్రింటు ఏ4 మీద 100 శాతం సైజులో తీశాను. పక్కనున్న 8-ఏ కాగితంతో పెట్టి చూస్తే గీతలూ అక్షరాలూ ఒకటే.

శుక్రవారం ఉదయం

84 పిక్సెళ్ల గ్రంథాలయాన్ని, కుదించిన దాన్నీ, రెండూ విడిగా పారదర్శక నేపథ్యంతో దాచిపెట్టాను. వచ్చే వారం 7-ఏకి కూడా గ్రంథాలయం పీరియడ్ వస్తుందట. అక్కడ గడి తెల్ల వరసలో ఉంది, కాబట్టి నింపే రంగు మారుతుంది, మాట మారదు. గీతలు మాత్రం మళ్లీ కొలవాలి, ఆ బొమ్మలో అవి ఎలా పంచుకున్నాయో చూడాలి.

ప్రార్థన అయ్యాక తెలుగు మేడం ఫోన్ పట్టుకుని వచ్చారు. గ్రూపులో ఎవరో డాక్యుమెంట్‌ను తెరవకుండా, పైన కనబడే చిన్న బొమ్మ చూసి, "మేడం, గ్రంధాలయం అని తప్పు పడింది" అని రాశారట. ఆమె అక్కడే ఫైలు తెరిచి, రెండు వేళ్లతో గడిని పెద్దది చేసి నాకు చూపించారు. చుక్క ఉంది.